టైపింగ్ యాప్‌లో 45, ఆఫీసు పరీక్షలో 28: ఈ తేడా ఎక్కడిది, ఎలా పోగొట్టుకోవాలి

మా పిన్ని కూతురు ఒక ఉద్యోగానికి టైపింగ్ పరీక్ష రాసొచ్చి ఫోన్ చేసింది. "అన్నయ్యా, యాప్‌లో రోజూ నాకు నిమిషానికి 45 పదాలు వస్తాయి కదా, అక్కడ 28 వేశారు. వాళ్ల కంప్యూటర్‌లోనే ఏదో తేడా ఉంది" అంది. ఫలితం కాగితాన్ని ఫోటో తీసి పంపమన్నాను. అందులో ఐదు నిమిషాలు, 925 కీస్ట్రోకులు, 45 తప్పులు అని ఉంది. లెక్క వేసి చూస్తే 28 సరిగ్గానే ఉంది, యాప్ చూపించిన 45 కూడా అబద్ధమేమీ కాదు, రెండూ వేర్వేరు పనుల్ని కొలిచాయి అంతే. ఆ తర్వాత పది వారాల పాటు తనతో చేయించిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇదంతా ఇంగ్లీష్ టైపింగ్ గురించి, అది కూడా మామూలు కీబోర్డ్ మీద.

ముందు ఆ 28 ఎలా వచ్చిందో చూడండి

టైపింగ్ లెక్కలో ఒక పదం అంటే నిఘంటువులో ఉండే పదం కాదు. స్పేస్‌తో కలిపి ఐదు కీస్ట్రోకులు నొక్కితే ఒక పదం కింద లెక్క. అందుకే మొత్తం కీస్ట్రోకులను ఐదుతో భాగించి, దాన్ని మళ్లీ నిమిషాలతో భాగిస్తారు. వచ్చింది గ్రాస్ స్పీడ్. అందులోంచి, దిద్దకుండా వదిలేసిన తప్పుల్ని నిమిషానికి ఎన్నో చూసి తీసేస్తే మిగిలేది నెట్ స్పీడ్. మా చెల్లి లెక్క ఇది:

```
(925 ÷ 5) ÷ 5 = 37
45 ÷ 5 = 9
37 − 9 = 28
```

అంటే వేళ్లు 37 స్పీడ్‌తోనే కదిలాయి, తప్పులు తొమ్మిది తినేశాయి. కొన్ని పరీక్షల్లో ఇంతకన్నా గట్టిగా కోస్తారు, కొన్నింట్లో తప్పులు ఒక హద్దు దాటితే స్పీడ్ ఎంతున్నా పక్కన పెట్టేస్తారు. కాబట్టి దరఖాస్తు పెట్టిన చోట నిబంధనల్లో మూడు విషయాలు వెతకండి: ఎన్ని నిమిషాలు, తప్పుకు ఎంత కోత, బ్యాక్‌స్పేస్ వాడనిస్తారా లేదా. ప్రాక్టీస్ అంతా వాటిని బట్టే ఉంటుంది.

ఇంకో మోసం కూడా ఆ కాగితంలోనే ఉంది. 925 కీస్ట్రోకుల్లో 45 తప్పులంటే అక్షరాల లెక్కన కచ్చితత్వం 95 శాతం, వినడానికి బాగానే ఉంటుంది. కానీ 925 కీస్ట్రోకులంటే 185 పదాలు, తప్పుకో పదం చొప్పున 45 పదాలు పాడయ్యాయనుకుంటే దాదాపు నాలుగింట ఒక పదం తప్పు. అలాంటి ఉత్తరాన్ని ఏ ఆఫీసూ బయటకు పంపదు. యాప్‌లు ఎక్కువగా చూపించేది అక్షరాల శాతం, అందుకే అక్కడ 95 కనిపిస్తే సంతోషపడకండి, 98 దాటేదాకా స్పీడ్ గురించి ఆలోచించొద్దు.

ప్రకటనలో గంటకు 8000 కీ డిప్రెషన్లు అని ఉంటే కంగారు పడకండి. 60తో భాగిస్తే నిమిషానికి 133, దాన్ని ఐదుతో భాగిస్తే సుమారు 27 పదాలు. అదే స్పీడ్, వేరే కొలత.

మరి యాప్‌లో 45 ఎలా వచ్చింది?

తను చేసేది 30 సెకన్ల టెస్ట్. అందులో వచ్చేవన్నీ the, and, people లాంటి బాగా వాడే చిన్న పదాలు, పెద్ద అక్షరాలు ఉండవు, కామా ఉండదు, అంకె ఉండదు. మొదటి పదంలోనే తప్పు పడితే వెంటనే రీస్టార్ట్ కొట్టేసేది. రోజుకు పదిహేను సార్లు మొదలుపెట్టి, అందులో మంచిదాన్ని గుర్తు పెట్టుకుంటే అది 45. పరీక్షలో ఒక్కసారే మొదలుపెడతాం, చేతులు చల్లబడి ఉంటాయి, ఐదు నిమిషాలు ఆగకుండా కొట్టాలి.

అన్నిటికన్నా పెద్ద తేడా మాత్రం కళ్లది. యాప్‌లో కొట్టాల్సిన అక్షరం కర్సర్ దగ్గరే ఉంటుంది, కళ్లు అక్కడి నుంచి కదలక్కర్లేదు. ఆఫీసులో చూసి కొట్టాల్సిన కాగితం పక్కన ఉంటుంది. కాగితం నుంచి స్క్రీన్‌కి, స్క్రీన్ నుంచి కీబోర్డ్‌కి, మళ్లీ కాగితానికి చూపు తిరుగుతూ ఉంటే ఎక్కడ ఆపామో వెతుక్కోవడంలోనే సెకన్లు పోతాయి, ఒక్కోసారి లైన్ మొత్తం దాటిపోతుంది.

మొదటి మెట్టు: మీ అసలు స్పీడ్ తెలుసుకోండి

ఒక పేజీ ఇంగ్లీష్ ఉత్తరం ప్రింట్ తీసుకుని కీబోర్డ్ పక్కన పెట్టండి. నోట్‌ప్యాడ్ తెరవండి, వర్డ్ వద్దు, ఎందుకంటే అది మీ తప్పుల్ని కొన్నిటిని తనంతట తానే దిద్దేస్తుంది. నోట్‌ప్యాడ్ సెట్టింగ్స్‌లో కూడా ఆటోకరెక్ట్ ఉంటే ఆపేయండి. ఐదు నిమిషాలు టైమర్ పెట్టి కొట్టండి. తర్వాత అసలు ఉత్తరాన్ని ఒక వర్డ్ ఫైల్‌లో, మీరు కొట్టినదాన్ని ఇంకో ఫైల్‌లో పెట్టి Review మెనూలో Compare నొక్కితే తేడాలన్నీ రంగుల్లో కనిపిస్తాయి. అక్షరాల సంఖ్య Word Count లో స్పేస్‌లతో కలిపి చూపిస్తుంది. పైన చెప్పిన లెక్కలో ఈ అంకెలు వేసి, తేదీతో పాటు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. దీన్ని వారానికి ఒక్కసారే, పొద్దున్నే వేరే ప్రాక్టీస్ ఏదీ చేయకముందు చేయాలి, ప్రతిసారీ కొత్త పేజీతో. మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టకూడదు, ఎంత చెత్తగా వచ్చినా అదే రాయాలి.

రెండో మెట్టు: వేళ్లు మార్చుకోవాలా వద్దా

కీబోర్డ్ చూస్తూ నాలుగైదు వేళ్లతో కొట్టేవాళ్లు ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. పరీక్ష రెండు మూడు వారాల్లో ఉంటే వేళ్లు మార్చకండి. పది వేళ్లకు మారిన మొదటి వారం స్పీడ్ 10, 12కి పడిపోతుంది, పాత అలవాటు పోయి కొత్తది రాక రెండింటికీ చెడతారు. అలాంటప్పుడు నేరుగా నాలుగో మెట్టుకి వెళ్లి తప్పుల మీద మాత్రమే పనిచేయండి. రెండు నెలలకు పైగా సమయం ఉంటే మాత్రం మారండి, ఎందుకంటే చూపు కాగితం మీద నిలవాలంటే వేళ్లకు దారి తెలిసి ఉండాల్సిందే.

మా చెల్లికి సమయం ఉంది కాబట్టి మార్చాం. ఎడమ చేతి వేళ్లు A S D F మీద, కుడి చేతివి J K L ; మీద, బొటనవేళ్లు స్పేస్ మీద. F మీద, J మీద చిన్న గీతలా ఎత్తుగా ఉంటుంది, చూడకుండా చూపుడు వేళ్లు పెట్టే చోటు దొరకడానికే అది. కుడి చేతి అక్షరాన్ని పెద్దది చేయాలంటే ఎడమ షిఫ్ట్, ఎడమ చేతి అక్షరానికి కుడి షిఫ్ట్. చాలామంది ఎప్పుడూ ఒకే షిఫ్ట్ వాడతారు, అందుకే పెద్ద A కొట్టేటప్పుడు చెయ్యి మొత్తం మెలిక పడుతుంది.

ఫోన్ యాప్ స్టోర్‌లో టైపింగ్ అని వెతికితే వచ్చేవాటిలో చాలావరకు బొటనవేళ్లతో స్క్రీన్ మీద కొట్టే ఆటలు. వాటితో ఆఫీసు పనికి ఏమీ ఒరగదు. కంప్యూటర్ లేకపోతే ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కి మామూలు యూఎస్‌బీ కీబోర్డ్ తగిలించి, బ్రౌజర్‌లో ఇక్కడ చెప్పే సైట్లు తెరవండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది పనిచేస్తుంది. స్క్రీన్ కీబోర్డ్ అడ్డొస్తే సెట్టింగ్స్‌లో ఫిజికల్ కీబోర్డ్ దగ్గర ఆపేసుకోవచ్చు.

మూడో మెట్టు: ఏ యాప్ ఎప్పుడు

అన్ని యాప్‌లూ ఒకేసారి పెట్టుకోవద్దు, ఒక్కోదాని పని వేరు.

అసలు వేళ్లే తెలియనివాళ్లకు TypingClub మంచిది. F, J తో మొదలుపెట్టి ఒక్కో పాఠంలో రెండు మూడు కీలు కలుపుతూ, ఏ వేలు వాడాలో చూపిస్తూ తీసుకెళ్తుంది. మొత్తం పాఠాలు పూర్తి చేయాలన్న పట్టుదల అక్కర్లేదు, 26 అక్షరాలూ చూడకుండా దొరికితే చాలు, అక్కడితో ఆపేయొచ్చు. మా చెల్లికి రోజూ పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాల లెక్కన మూడు వారాలు పట్టింది. ఒకే పూట గంటన్నర కూర్చుంటే చివరి అరగంట అంతా తప్పులే అలవాటవుతాయి, కాబట్టి విడగొట్టుకోండి.

ఆ తర్వాత keybr.com. దీని పద్ధతి నాకు చాలా ఇష్టం. మొదట E, N, I, A, R, L అనే ఆరు అక్షరాలతోనే పలకడానికి వీలుగా ఉండే ఉత్తుత్తి పదాలు తయారుచేసి ఇస్తుంది, ప్రతి అక్షరం దగ్గర మీరెంత ఆలస్యం చేస్తున్నారో కొలుస్తుంది, అన్నీ అనుకున్న స్పీడ్‌కి వచ్చాకే కొత్త అక్షరం ఇస్తుంది. ఏ అక్షరం వెనకబడితే అది ఎక్కువసార్లు వచ్చేలా చేస్తుంది. పదాలకు అర్థం ఉండదు కాబట్టి ముందే ఊహించి కొట్టేయడం కుదరదు, ప్రతి అక్షరాన్నీ చదవాల్సిందే. కాగితం చూసి కొట్టేవాళ్లకు కావలసిన గుణం అదే. అయితే ఆ మొదటి ఆరు అక్షరాలు మూడు వరసల్లో చెల్లాచెదురుగా ఉంటాయి, వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లు దీంతోనే మొదలుపెడితే పాత అలవాటుతోనే వెతుక్కుంటూ కొడతారు. అందుకే ముందు TypingClub అన్నాను. అక్షరాలన్నీ వచ్చాక సెట్టింగ్స్‌లో పెద్ద అక్షరాలు, విరామ చిహ్నాలు కలుపుకోండి, లేకపోతే అది అన్నీ చిన్న అక్షరాలే ఇస్తుంది.

చివరగా monkeytype.com. దీన్ని చాలామంది స్పీడ్ చూసుకోవడానికి వాడతారు, నేను మాత్రం తప్పులు పట్టుకోవడానికి వాడమంటాను, దానికి తగ్గ సెట్టింగ్‌లు ఇందులో ఉన్నాయి. punctuation, numbers రెండూ ఆన్ చేయండి. టైమ్ దగ్గర సొంతంగా 300 సెకన్లు పెట్టుకోవచ్చు. ఇంక అసలైనది, తప్పు పడినప్పుడు యాప్ ఏం చేయాలన్నది.

stop on error ని letter అని పెడితే, సరైన కీ నొక్కేదాకా కర్సర్ కదలదు. మొదటి రెండు వారాలు ఇలా పెట్టండి. ఒక జాగ్రత్త: కొందరు ఇందులో సరైన కీ తగిలేదాకా చుట్టుపక్కల కీలన్నీ టకటకా కొట్టేస్తారు. తప్పు పడగానే చెయ్యి తీసి, మళ్లీ F, J మీద పెట్టి, ఆ పదాన్ని మనసులో చదువుకుని ముందుకెళ్లాలి. అలా చేస్తున్నారో లేదో కచ్చితత్వం అంకె చెప్పేస్తుంది, ఎందుకంటే దిద్దుకున్న తప్పులు కూడా అందులో లెక్కలోకి వస్తాయి.

రెండు వారాల తర్వాత stop on error తీసేసి confidence mode ని max లో పెట్టండి. ఇప్పుడు బ్యాక్‌స్పేస్ అసలు పనిచేయదు. మొదటిరోజు చాలా చిరాకేస్తుంది, మా చెల్లి అయితే రెండో నిమిషంలోనే లేచిపోయింది. కానీ ఎన్ని తప్పుల్ని మనకు తెలియకుండానే వేళ్లు వెనక్కెళ్లి దిద్దుతున్నాయో అప్పుడే బయటపడుతుంది. దిద్దడం ఊరికే అయ్యే పని కాదు. 40 స్పీడ్ అంటే నిమిషానికి 200 కీలు, 95 శాతం కచ్చితత్వం ఉంటే అందులో పది తప్పులు. ఒక్కోటి గమనించి, వెనక్కెళ్లి, మళ్లీ కొట్టడానికి రెండు సెకన్లు అనుకున్నా నిమిషంలో 20 సెకన్లు దిద్దుబాటుకే పోయాయి.

నాలుగో మెట్టు: తప్పుల్ని రకాలుగా విడగొట్టండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. తప్పులెన్నో చూస్తారు గానీ ఏ రకమో చూడరు. వారం పరీక్షలో వచ్చిన తప్పుల్ని కాగితం మీద రాస్తే, మా చెల్లివి నాలుగు కుప్పలుగా పడ్డాయి. మీవి కూడా దాదాపు ఇలాగే పడతాయనుకుంటాను.

మొదటిది అద్దం తప్పు. E బదులు I, D బదులు K పడటం. రెండూ రెండు చేతుల మధ్య వేళ్లవి, మెదడు వేలిని సరిగ్గానే ఎంచుకుంది, చేతిని తప్పుగా ఎంచుకుంది. తన తప్పుల్లో 14 ఇవే. వీటికి మామూలు ప్రాక్టీస్ ఎంత చేసినా లాభం లేదు, ఆ రెండు అక్షరాలూ కలిసి వచ్చే పదాలే కావాలి. monkeytype లో custom అని ఉంటుంది, అందులో ఇలాంటివి వేసుకుని రోజూ ఐదు నిమిషాలు, నెమ్మదిగా:

```
their field piece weird die tide
kind desk dike liked inside decide
```

రెండోది పక్క కీ తప్పు. R బదులు T, B బదులు N, C బదులు V. ఇది వేలు దూరం సరిగ్గా అంచనా వేయకపోవడం, లేదా దూరపు కీ కోసం వెళ్లి తిరిగి తన చోటుకి రాకపోవడం. ఒకటి రెండు అక్షరాలకే పరిమితమైతే keybr లో ఆ అక్షరాల గ్రాఫ్ చూసి వాటి మీదే పనిచేయండి. ఒక చేతి తప్పులన్నీ ఒకే వైపుకి జరిగి ఉంటే మాత్రం తప్పు వేళ్లది కాదు, కూర్చునే తీరుది: కీబోర్డ్ ఒక పక్కకి జరిగి ఉంటుంది, లేదా మణికట్టు టేబుల్ అంచుకి ఆనించి ఉంటారు. G, H కీల మధ్య గీత మీ బొడ్డుకి ఎదురుగా వచ్చేలా కీబోర్డ్ సర్దుకోండి, మోచేతులు కీబోర్డ్ ఎత్తులోనే ఉండాలి. మణికట్టులో నొప్పి గానీ వేళ్లలో తిమ్మిరి గానీ మొదలైతే ఆ పూటకి ఆపేయండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

మూడోది వరస తారుమారు, the బదులు teh, and బదులు adn. కొట్టిన అక్షరాలన్నీ సరైనవే, ఒక వేలు ఇంకో వేలికన్నా ముందు పడింది. ఇది కేవలం మీ స్థాయిని మించి పరిగెత్తడం వల్ల వచ్చేది. దీనికి మందు స్పీడ్ తగ్గించడమే. monkeytype లో pace caret అని ఉంటుంది, మీరు చెప్పిన స్పీడ్‌లో ఒక కర్సర్ ముందు నడుస్తుంది. మీ మామూలు స్పీడ్ కన్నా నాలుగైదు తక్కువ పెట్టి, దాన్ని దాటకుండా సమానంగా కొట్టండి. ఫలితంలో consistency అనే అంకె పెరుగుతుంటే దారిలో ఉన్నట్టు.

నాలుగోది షిఫ్ట్. THe అని రెండు పెద్ద అక్షరాలు పడితే షిఫ్ట్ ఆలస్యంగా వదులుతున్నారు, tHe పడితే ఆలస్యంగా నొక్కుతున్నారు. షిఫ్ట్ నొక్కి పట్టుకో, అక్షరం, వదులు అని మూడు దెబ్బలుగా విడదీసి, పేర్లు, నెలలు, వారాల జాబితా ఒకటి కొడుతూ ఉంటే వారంలో సర్దుకుంటుంది. దీనికోసం క్యాప్స్ లాక్ వాడటం మాత్రం అలవాటు చేసుకోకండి, ఒక్కసారి ఆఫ్ చేయడం మర్చిపోతే లైన్ మొత్తం పోతుంది.

ఐదో మెట్టు: యాప్ నుంచి కాగితానికి

ఏడో వారం నుంచి యాప్ సమయాన్ని సగానికి తగ్గించండి. పొద్దున 20 నిమిషాలు యాప్, సాయంత్రం 20 నిమిషాలు కాగితం చూసి నోట్‌ప్యాడ్‌లో. చిరునామాలు, తేదీలు, మొత్తాలు ఉన్న ఉత్తరాలు తీసుకోండి, ఆఫీసులో వచ్చేవి అవే. చూపు కాగితం మీదే ఉండాలి, స్క్రీన్‌ని లైన్ చివర్లో ఒక్కసారే చూడాలి. కాగితం మీద, ఇప్పుడు కొట్టే లైన్ కింద ఒక స్కేల్ పెట్టుకుంటే లైన్ దాటిపోవడం తగ్గుతుంది. పరీక్షలో కొట్టాల్సింది స్క్రీన్ మీదే ఇస్తారని నిబంధనల్లో ఉంటే, స్క్రీన్‌ని రెండు భాగాలు చేసి ఒక పక్క పీడీఎఫ్, ఇంకో పక్క నోట్‌ప్యాడ్ పెట్టి అలాగే చేయండి.

డేటా ఎంట్రీ ఉద్యోగమైతే అంకెల కోసం కుడి పక్కన ఉండే నంబర్ ప్యాడ్ విడిగా నేర్చుకోవాలి. అక్కడ 5 మీద ఎత్తు గుర్తు ఉంటుంది, మధ్య వేలు దాని మీద, చూపుడు వేలు 4 మీద, ఉంగరపు వేలు 6 మీద. అంకె తప్పు పడితే అక్షరం తప్పులా కంటికి కనిపించదు, 4517 బదులు 4571 పడినా చూడ్డానికి బాగానే ఉంటుంది. అందుకే ప్రతి వరస అయ్యాక మొత్తం కూడి, కాగితంలోని మొత్తంతో సరిచూసుకోండి. అంకెలు అటూ ఇటూ మారితే ఆ తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. ఇక్కడ తేడా 54, కాబట్టి ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయేమో ముందు వెతకవచ్చు.

పది వారాల తర్వాత

చెల్లి నోట్‌బుక్‌లో వారం వారం నెట్ స్పీడ్ ఇలా ఉంది: వేళ్లు మార్చిన మొదటి వారం 11, మూడో వారం 19, ఐదో వారం 27, ఏడో వారం 33. ఎనిమిదో వారంలో 31కి తగ్గింది, ఎందుకంటే ఆ వారం తేదీలు, మొత్తాలు ఎక్కువగా ఉన్న ఉత్తరం తీసుకుంది. స్పీడ్ తగ్గిందని భయపడింది గానీ తప్పులు చూస్తే అన్నీ పై వరస అంకెల్లోనే ఉన్నాయి, మిగతా అక్షరాల్లో ఏమీ తగ్గలేదు. అందుకే పొద్దున యాప్‌లో అంకెలే చేయించాను.

పదో వారంలో ఇంకో చోట పరీక్ష రాసింది. ఐదు నిమిషాల్లో 1000 కీస్ట్రోకులు, 5 తప్పులు. అంటే గ్రాస్ 40, నెట్ 39. వేళ్ల స్పీడ్ 37 నుంచి 40కి, మూడు మాత్రమే పెరిగింది, కాగితం మీద పడే అంకె 28 నుంచి 39కి వెళ్లింది. మిగిలిన ఐదు తప్పుల్లో మూడు అంకెలవే, ఇప్పుడు వాటి మీద ఉంది.